పసరుతో బతికినవాళ్ల మాటే వినిపిస్తది

సంపాదకునికి,

వానాకాలం పత్తి చేన్లలో పాముకాట్లు మొదలైతే మా వరంగల్ పల్లెల్లో ఒకటే మాట: "పసరు పోస్తే మా మామ గంటలో లేచి కూసున్నడు." కళ్లారా చూసినవాళ్లు చెప్తారు కాబట్టి నమ్ముతాం. కానీ మన దగ్గరి పాముల్లో ఎక్కువ శాతం విషం లేనివే. నాగుపాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు.

వందమందిని పాము కరిచిందనుకుందాం. అందులో డెబ్బైమందికి విషమే ఎక్కకపోతే, పసరు పోసినా పోయకున్నా వాళ్లు బతుకుతారు. ఊరూరా పసరు గొప్ప చెప్పేది వాళ్లే. చనిపోయినవాళ్లు వచ్చి చెప్పరు కదా! అసలు లెక్క తేలాలంటే కరిచినవాళ్లందరినీ, అందులోనూ విషం ఎక్కినవాళ్లను విడిగా చూడాలి.

చనిపోయినవాళ్ల లెక్క మాత్రం ఇంటింటి మరణాల సర్వే తీసింది. దాని అంచనా ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది పోయారు. ఎక్కువమంది ఆస్పత్రి బయటే.

కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కొన్ని గంటలకు రెప్పలు వాలతాయి, తర్వాత ఊపిరి ఆగుతుంది. విరుగుడు ఇంజెక్షన్ ఆస్పత్రిలోనే ఉంటుంది. ఆ గంటలు పసరుకు పోతున్నాయి.

- ఒక పాఠకుడు, నర్సంపేట