విదేశీ క్లయింటుకు మొదటి బిల్లు: మా కస్టమర్లకు నాలుగు మాటలు

"అన్నా, అమెరికా క్లయింటుది లోగో పని ఒప్పుకున్నా, 600 డాలర్లు. బిల్లు రూపాయల్లో వెయ్యాల్నా, డాలర్లలోనా? దుడ్డు ఏ దోవన తెప్పించుకోవాల? గడువు ఎన్ని దినాలు రాయాల?"

డాలర్లలోనే వెయ్యండి. రూపాయల్లో వేస్తే అవతలి బ్యాంకు తనకు నచ్చిన రేటుకు మారుస్తుంది, ఆ తేడా ఎవరిదన్న పేచీ మీకూ క్లయింటుకూ మిగులుతుంది. పక్కనే "సుమారు ఇన్ని రూపాయలు" అని కూడా రాయొద్దు. బిల్లు మీద ఒకే కరెన్సీ, ఒకే మొత్తం ఉండాలి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి. 05/08 అంటే మనకు ఆగస్టు 5, వాళ్లకు మే 8.

ఇక డబ్బు వచ్చే దారి. బ్యాంకుకు నేరుగా తెప్పించుకోవాలంటే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చాలదు, స్విఫ్ట్ కోడ్ కావాలి. అందులో 8 గానీ 11 గానీ అక్షరాలుంటాయి. మన వైపు చాలా బ్రాంచీలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. నెట్‌లో దొరికింది వెయ్యకుండా, విదేశీ డబ్బుకు ఏ కోడ్ వాడాలో మీ బ్రాంచిలోనే రాయించుకోండి. బిల్లు మీద స్టూడియో పేరుండి, అకౌంటు మీ సొంత పేరుతో ఉంటే డబ్బు మధ్యలో ఆగడమో వెనక్కి పోవడమో జరగొచ్చు. పాస్‌బుక్కులో ఉన్న పేరే చెల్లింపు వివరాల్లోనూ ఉండాలి.

600లో సగం, 300 డాలర్లు, అడ్వాన్సుగా వస్తోందనుకుందాం. లెక్క కోసం మార్కెట్ రేటు 85 రూపాయలు, మీ బ్యాంకు ఇచ్చేది 84 అనుకోండి. దారిలో మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు కోసుకుంటే మీకు చేరేది 280, అంటే 23,520 రూపాయలు. మార్పిడి మీద జీఎస్టీ ఇంకో 45 రూపాయలు. 25,500 రావాల్సిన చోట రెండు వేలకు పైగా పోయింది, దాదాపు 8 శాతం. అదే 3,000 డాలర్లయితే ఆ 20 డాలర్ల కోత ఒక శాతం కూడా కాదు. పేమెంట్ కంపెనీలు ఎక్కువగా శాతం లెక్కన తీసుకుంటాయి. 4 శాతమైతే 300కు 12 డాలర్లు, 3,000కు 120. కాబట్టి చిన్న బిల్లుకు పేమెంట్ కంపెనీ, పెద్ద బిల్లుకు బ్యాంకు అన్నది మా సలహా. ఏ కంపెనీ అయినా, విదేశం నుంచి డబ్బు వచ్చినట్టు సర్టిఫికెట్ ఇస్తుందో లేదో ముందే అడగండి. అది లేకపోతే ఎగుమతి ఆదాయమని చూపించడం కష్టం.

కొందరు క్లయింట్లు వెస్టర్న్ యూనియన్‌లో పంపేస్తామంటారు. వద్దనండి. ఆ పద్ధతిలో మన దేశానికి వచ్చే డబ్బు ఇంటి ఖర్చుల్లాంటి సొంత అవసరాలకే, వ్యాపార చెల్లింపులకు కాదు.

ఎక్కువ మంది దెబ్బ తినేది గడువు దగ్గర. "అప్రూవల్ తర్వాత 15 రోజులు" అని రాస్తే, క్లయింటు అప్రూవల్ చెప్పకుండా ఊరుకున్నంత కాలం ఆ 15 రోజులు మొదలే కావు. గడువు క్యాలెండర్ తేదీగా ఉండాలి. రెండో సగం బిల్లు మీద ఇలా ఉంటే చాలు:

```
Amount due: USD 300.00
Due date: 20 August 2026
Bank charges: OUR (sender pays all)
Final files released after full payment
```

మూడో వరుసలోని OUR అంటే పంపేవాళ్లే ఛార్జీలన్నీ భరించాలని. క్లయింటు తన బ్యాంకులో అదే ఎంచుకోవాలి, బిల్లు మీద రాసినంత మాత్రాన కోత ఆగదు. మన బ్యాంకు మార్పిడి రేటు తేడాకు దానితో సంబంధం లేదు. ఆలస్యానికి వడ్డీ రాయొచ్చు గానీ, 300 డాలర్ల కోసం అమెరికాలో కేసు వేసేదెవరు? మీ చేతిలో నిజంగా ఉండే పట్టు నాలుగో వరుసే. డబ్బు పడేదాకా వాటర్‌మార్కు ఉన్న చిన్న బొమ్మలే చూపించండి, అసలు ఫైళ్లు పంపొద్దు.

అమెరికా కంపెనీ W-8BEN ఫారం అడిగితే కంగారు పడకండి. మీరు అమెరికా పౌరులు, నివాసులు కారని చెప్పే కాగితం అది. నింపి క్లయింటుకే ఇవ్వాలి, అక్కడి పన్ను శాఖకు కాదు.

జీఎస్టీ నంబరు ఉన్నవాళ్లు పన్ను కట్టకుండా బిల్లు వెయ్యాలంటే ముందు పోర్టల్‌లో ఎల్‌యూటీ అనే హామీ పత్రం, అంటే RFD-11 ఫారం, వెయ్యాలి. దాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వెయ్యాలి. ఏడాదికి 20 లక్షలు దాటని సర్వీసు పనివాళ్లకు నంబరే తప్పనిసరి కాదు. నంబరు లేకపోతే బిల్లు మీద జీఎస్టీ ఊసే వద్దు.

ఇక నుంచి గడువు తేదీ లేని విదేశీ బిల్లు మా ఆఫీసులో తయారు చెయ్యం. వచ్చేటప్పుడు క్లయింటు కంపెనీ పూర్తి పేరు, అడ్రసు, మీ పాస్‌బుక్కు, బ్రాంచి రాసిచ్చిన స్విఫ్ట్ కోడ్ కాగితం తెచ్చుకోండి.