24కి ఆ సూత్రం చెల్లదు

సంపాదకుడు గారికి,

ఆరో తరగతి చదివే మా మనవరాలికి విజయవాడలోని ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు భాజనీయతా సూత్రాల వర్క్‌షీట్ ఇచ్చారు. 2, 3, 5, 9, 11 దాకా అంతా సరిగ్గానే ఉంది. చివర్లో మాత్రం “4తోనూ 6తోనూ భాగించబడే ప్రతి సంఖ్య 24తో భాగించబడుతుంది” అని చుట్టూ గీత గీసి మరీ ఇచ్చారు. ఇది తప్పు. ఆ షీటు జిరాక్సులుగా, వాట్సాప్‌లో ఫొటోలుగా వేరే పిల్లల చేతుల్లోకీ వెళ్తోంది కాబట్టి మీ పత్రికకు రాస్తున్నాను.

తప్పని తేలడానికి 12 చాలు. అది 4తో పోతుంది, 6తో పోతుంది, 24తో పోదు. షీటు తయారుచేసినవారు 12ని ఒక్కసారి చూసినా ఆ వాక్యం అచ్చయ్యేది కాదు. కానీ సూత్రం కింద ఇచ్చిన ఉదాహరణలు 48, 72, 96, 144. నాలుగూ 24 ఎక్కంలోవే! వాటితో ఎంత సరిచూసినా సూత్రం నెగ్గుతూనే ఉంటుంది.

హోంవర్క్‌లో 7,428 ఇచ్చి, వెనక జవాబుల్లో “అవును” అని వేశారు. చివరి రెండంకెలు 28, కాబట్టి 4తో పోతుంది. అంకెల మొత్తం 21, పైగా సరి సంఖ్య, కాబట్టి 6తోనూ పోతుంది. ఇక పూర్తిగా భాగించి చూడండి. 24 × 309 = 7,416, శేషం 12. మా పిల్ల ఈ భాగహారం సరిగ్గానే చేసింది. షీటులో “అవును” అని చూసి, తనదే తప్పనుకుని చెరిపేసింది. నాకు కోపం తెప్పించింది ఇదే.

పొరపాటు ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 2తోనూ 3తోనూ పోతే 6తో పోతుంది, 3తోనూ 4తోనూ పోతే 12తో పోతుంది అని పిల్లలకు చెబుతాం. అదే వరసలో 4 × 6 = 24 అనేశారు. కానీ 2, 3లకు గానీ 3, 4లకు గానీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. 4, 6లకు 2 ఉమ్మడిగా ఉంది. ఒక సంఖ్య 4తో పోయిందంటే అందులో కనీసం రెండు 2లు ఉన్నట్టు. 6తో పోయిందంటే ఒక 2, ఒక 3 ఉన్నట్టు. ఈ 2 ముందు లెక్కపెట్టిన రెండింట్లోదే కావచ్చు. 24కి మూడు 2లు కావాలి. కాబట్టి 4, 6 కలిసి హామీ ఇచ్చేది వాటి క.సా.గు. 12కే, 24కి కాదు. 24కి సరైన జత 3, 8. 7,428లో చివరి మూడంకెలు 428, అది 8తో పోదు, కథ అక్కడితో అయిపోతుంది.

ఇలాంటి సూత్రాన్ని తరగతిలో సరిచూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. 12, 24, 36, 48, 60, 72 బోర్డు మీద వరసగా రాసి, ఒక్కొక్కటీ 24తో పూర్తిగా భాగించి శేషం రాయించాలి. 12, 0, 12, 0, 12, 0 వస్తాయి. సగానికి సగం తప్పుతున్నాయని పిల్లలకే కనబడుతుంది. నిజానికి 1 నుంచి 24 దాకా చూస్తే సరిపోతుంది. ఏ సంఖ్యకైనా 24 కలిపితే 3తో, 4తో, 6తో, 8తో, 24తో వచ్చే శేషాలేవీ మారవు కాబట్టి ఆ తర్వాత వచ్చేదంతా ఇదే వరస. 24 లోపు 3తోనూ 8తోనూ పోయేది 24 ఒక్కటే, అందుకే ఆ సూత్రం అన్ని సంఖ్యలకూ నిలుస్తుంది.

అంకెల మొత్తం మీద చెప్పే సూత్రాలకు ఈ వెసులుబాటు లేదు. 3కీ 9కీ ఉన్నట్టే 27కీ ఉంటుందని ఎవరైనా అంటే, 27నే అడగండి. దాని అంకెల మొత్తం 9. పోనీ, మొత్తం 27 అయితే చాలదా అంటే, అలాంటి వాటిలో అన్నిటికన్నా చిన్నది 999, అది 27 × 37. సూత్రం నిజమేననిపిస్తుంది. దాని తర్వాతిది 1,899, అక్కడ శేషం 9 వస్తుంది. చిన్న సంఖ్యల పరీక్ష తప్పును పట్టిస్తుంది గానీ, తప్పు దొరకనంత మాత్రాన సూత్రం రుజువైనట్టు కాదు.

ప్రాథమికోన్నత తరగతులకు షీట్లు తయారుచేసే ఉపాధ్యాయులకూ ట్యూషన్ల వారికీ నా విన్నపం ఇది. 24కి 3, 8 అని దిద్దండి, కానీ 7,428ని తీసేయకండి. జవాబుల్లో అవును, కాదు అని ఊరుకోకుండా శేషం కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ