రీఫండ్, బ్యాంకు కంప్లైంట్, మధ్యలో మా సెటిల్‌మెంట్ లెక్క

“రీఫండ్ వేసేశామంటున్నారు, నా కార్డులో ఇంకా పడలేదు. బ్యాంకులో కంప్లైంట్ పెట్టేయమంటారా?”

పెట్టే హక్కు మీకుంది. కాకపోతే ముందు మాకో మెసేజ్ పెట్టి ఏఆర్ఎన్ అడగండి. కార్డు రీఫండ్ బయల్దేరాక దానికి 23 అంకెల నంబరు ఒకటి వస్తుంది, అదే ఏఆర్ఎన్. ఆ నంబరు చెబితే డబ్బు ఎక్కడుందో మీ బ్యాంకువాళ్లు వెతికి చెప్పగలరు. యూపీఐలో కట్టినవాళ్లకైతే 12 అంకెల ఆర్ఆర్ఎన్ ఉంటుంది. ఇంత చిన్న విషయానికి ఇంత పోస్టు ఎందుకంటే, పండగ సీజన్ అయ్యాక గేట్‌వే లెక్కలూ మా అమ్మకాల రిజిస్టరూ దగ్గర పెట్టుకుని చూస్తే, మాకూ మీకూ సంబంధించిన కొన్ని సంగతులు బయటపడ్డాయి.

వెబ్‌సైట్‌లో మీరు కట్టిన డబ్బు నేరుగా మా ఖాతాకి రాదు. పేమెంట్ గేట్‌వే కంపెనీ దగ్గర ఆగి, రెండు పనిదినాల తర్వాత అందరి డబ్బూ కలిపి ఒకే మొత్తంగా పడుతుంది. బ్యాంకు పాసుబుక్కులో మాకు కనిపించేది ఒక అంకె, పక్కన ఆ జమకి గుర్తుగా యూటీఆర్ అనే నంబరు ఒకటి, అంతే. పలాసలో మా జీడిపప్పు షాపు కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేస్తే టింగుమని వెంటనే తెలుస్తుంది, ఇక్కడ అలా కాదు. ఆ ఒక్క అంకె వెనక ఎవరి ఆర్డరు ఉందో, ఎవరిది లేదో తెలియాలంటే ఆ యూటీఆర్ పట్టుకుని గేట్‌వేవాళ్లిచ్చే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ తెరవాలి.

ఒక రోజు లెక్కే చూపిస్తాను. ఆ రోజు మా రిజిస్టరులో ఆన్‌లైన్ అమ్మకం 24,600 రూపాయలు. బ్యాంకులో పడింది 19,005 రూపాయల 28 పైసలు. తేడా 5,594.72. చూడగానే “కమీషన్ ఇంత మింగేశారా” అనిపిస్తుంది. కాదు.

రాత్రి పన్నెండుకి కాస్త ముందు వచ్చిన 2,800 రూపాయల ఆర్డరు ఒకటి మర్నాటి సెటిల్‌మెంట్‌లోకి వెళ్లింది. అది నష్టం కాదు, ఒక రోజు ఆలస్యం. గేట్‌వే కమీషన్, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 594.72. మిగతా కథంతా ఒక కార్డు ఆర్డరు చుట్టూనే.

ఆ ఆర్డరు 1,800 రూపాయలది, రెండు కిలోల డబ్ల్యూ 240 రకం జీడిపప్పు. పార్శిల్ తడిసి చేరింది. ఫొటో చూడగానే పూర్తి రీఫండ్ వేశాం. కార్డు రీఫండ్ కనిపించడానికి మామూలుగా ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుంది. ఆర్డరు పెట్టినాయన అంతవరకూ ఆగకుండా తన బ్యాంకులో ఫిర్యాదు పెట్టారు. ఆయన కంగారు నాకర్థమైంది, నేనైనా అదే చేసేవాణ్ని. కానీ బ్యాంకుకి మా రీఫండ్ సంగతి తెలియదు. తన కస్టమరు తరఫున ఆ డబ్బు వెనక్కి ఇప్పించమంటూ దాని దారిన అది చార్జ్‌బ్యాక్ వేసింది. గేట్‌వే ఆ సొమ్మును మా సెటిల్‌మెంట్‌లోంచి పట్టుకుంది. అలా ఒకే పార్శిల్‌కి స్టేట్‌మెంట్‌లో రెండు వరసలు వచ్చాయి, ఒకటి రీఫండ్ 1,800, ఇంకొకటి చార్జ్‌బ్యాక్ 1,800. రెండింటి పక్కనా ఉన్న పేమెంట్ ఐడీ ఒక్కటే కావడంతో దొరికింది. మొత్తాలు మాత్రమే కూడుకుంటూ పోతే ఎప్పటికీ దొరకదు.

చార్జ్‌బ్యాక్‌కి జవాబు చెప్పడానికి గడువుంటుంది. గడువులోగా నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, డబ్బు పోయినట్టే. మేం బిల్లు, వాట్సాప్ మాటలు, అన్నిటికంటే ముఖ్యంగా రీఫండ్ ఏఆర్ఎన్ పంపాం. కొన్ని వారాలకి 1,800 తిరిగొచ్చింది. అదీ “అడ్జస్ట్‌మెంట్” అనే పేరుతో, ఏ ఆర్డరుదో చెప్పకుండా. సొమ్ము సరిపోల్చి, కేసు నంబరు చూసి మేమే తేల్చుకోవాల్సి వచ్చింది. మొదటి అమ్మకం మీద కట్టిన కమీషన్ మాత్రం వెనక్కి రాలేదు. సరుకు తిరిగొచ్చినా కమీషన్ తిరిగిరాకపోవడం గేట్‌వేల మామూలు షరతే.

2,800, 594.72, రెండుసార్లు పోయిన 3,600 కూడితే 6,994.72 అవుతుంది. తేడా 5,594.72 మాత్రమే కదా, మరి 1,400 ఎక్కువెలా వచ్చింది? మా రిజిస్టరులో లేని 1,400 స్టేట్‌మెంట్‌లో ఉంది కనుక. అది మా డబ్బు కాదు, మీలో ఒకరిది.

టెక్కలి నుంచి ఒకావిడ యూపీఐ పిన్ కొట్టారు, సిగ్నల్ పోయింది, సైట్ “ఫెయిల్” అని చూపించింది. ఆవిడ అదే సరుకు మళ్లీ క్యాష్ ఆన్ డెలివరీలో తెప్పించుకున్నారు. కాసేపయ్యాక మొదటి చెల్లింపు సక్సెస్ అయినట్టు గేట్‌వేకి కబురు అందింది, కానీ మా దగ్గర ఆర్డరే తయారవలేదు. డబ్బు కట్ అయి వ్యాపారికి నిర్ధారణ అందకపోతే ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలనీ, దాటితే రోజుకి వంద రూపాయలు పరిహారం ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమం పెట్టింది. ఇలా ఆలస్యంగానైనా సక్సెస్ అయి మా ఖాతాకి చేరిన డబ్బు మాత్రం దానంతటది కదలదు. మేం వెతికి పంపితేనే వెళ్తుంది. పంపాం. రిజిస్టరు పట్టుకుని స్టేట్‌మెంట్‌లో వెతికితే మాకు రావలసినవి దొరుకుతాయి. స్టేట్‌మెంట్ పట్టుకుని రిజిస్టరులో వెతికితేనే ఇలాంటివి దొరుకుతాయి. అందుకే ఇప్పుడు వారం వారం రెండు వైపుల నుంచీ చూస్తున్నాం.

ఇక కమీషన్. మా ఒప్పందం రెండు శాతం. 24,600లోంచి మర్నాటికి వెళ్లిన 2,800 తీసి, టెక్కలి 1,400 కలిపితే ఆ రోజు స్టేట్‌మెంట్‌లోకి వచ్చిన అమ్మకం 23,200, దాని మీద 464, జీఎస్టీ 83.52, మొత్తం 547.52 కావాలి. 47.20 ఎక్కువ కోశారు. ప్రతి వరసలో ఫీజుని సొమ్ముతో భాగిస్తే దొంగ దొరికిపోతుంది. పన్నుతో కలిపి 2.36 శాతం రావాల్సినచోట 4,000 రూపాయల కార్డు చెల్లింపు ఒకదానికి 3.54 వచ్చింది. మన దేశపు మామూలు కార్డుకి విదేశీ కార్డు రేటు వేశారన్నమాట. ఒక జాగ్రత్త: కొన్ని స్టేట్‌మెంట్లలో ఫీజు అనే గడిలోనే పన్ను కలిసి ఉంటుంది, పక్క గడిలో పన్ను విడిగా మళ్లీ చూపిస్తారు. రెండూ కూడితే లేని తేడా కనిపిస్తుంది. వాళ్లతో గొడవకి దిగేముందు అది చూసుకోవాలి.

“యూపీఐకి చార్జీలుండవు కదా” అని మీలో చాలామంది అడుగుతారు. 2020 జనవరి నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డుల మీద వ్యాపారి దగ్గర కోసే ఎండీఆర్ అనే చార్జీ సున్నా, నిజమే. మా గేట్‌వే మాత్రం ప్లాట్‌ఫారం ఫీజు పేరుతో యూపీఐకీ రెండు శాతం తీసుకుంటోంది. దాన్ని మీ బిల్లులో వేయట్లేదు, వేయం.

ఇకనుంచి రీఫండ్ వేశాక ఏఆర్ఎన్ లేదా ఆర్ఆర్ఎన్ చేతికి రాగానే మీరు అడక్కుండానే వాట్సాప్‌లో పంపుతాం. ఏడు పనిదినాలు దాటినా పడకపోతే ఆ నంబరుతో మీ బ్యాంకుకి నిరభ్యంతరంగా వెళ్లండి. మీ కార్డు స్టేట్‌మెంట్‌లో ఇన్నాళ్లూ జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న మా నాన్న పేరు కనిపించేది. ఎవరో తెలియక “ఈ లావాదేవీ నాది కాదు” అని ఫిర్యాదు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు షాపు పేరే వచ్చేలా మార్పించాం. పాత ఆర్డర్లకి మాత్రం నాన్న పేరే ఉంటుంది, గమనించగలరు. సైట్‌లో ఫెయిల్ అని చూపించి డబ్బు కట్ అయినవాళ్లెవరైనా ఉంటే, మళ్లీ కట్టేముందు ఆ ఆర్ఆర్ఎన్ మాకు పంపండి.