పవర్‌బ్యాంకు మీద అంకె లేకపోతే తప్పెవరిది?

సంపాదకుడికి నమస్కారం.

విమానాశ్రయాల్లో వదిలేసిన పవర్‌బ్యాంకులు గుట్టలు పడుతున్నాయనీ, అందుకు ప్రయాణికుల అజాగ్రత్తే కారణమనీ గతవారం మీ పత్రికలో రాశారు. మా ఇంట్లో జరిగింది చెబితే ఆ మాటలో ఎంత అన్యాయం ఉందో తెలుస్తుంది.

మా తమ్ముడు పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. పోయిన నెల వేరే ఊళ్లో పెళ్లి ముగించుకుని హైదరాబాద్‌కు తిరిగివస్తూ పవర్‌బ్యాంకును పెద్ద పెట్టెలో సర్ది కౌంటర్లో ఇచ్చేశాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. బోర్డింగ్ పాసు చేతికొచ్చాక వెనక్కి పిలిచి పెట్టె తెరిపించారు. విమానం అడుగున ఉండే సామాన్ల అరలో మంట లేస్తే సిబ్బందికి కనబడదు, కనబడినా చెయ్యి చేరదు. అందుకే పవర్‌బ్యాంకుతో సహా విడి బ్యాటరీలన్నీ చేతిసంచిలోనే ఉండాలి. ఈ నియమాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ఒక్క ప్రశ్న కౌంటర్లోనే వేయడానికి ఏమి అడ్డం?

సరే, చేతిసంచిలోకి మార్చుకుంటానన్నాడు. తీరా చూస్తే దాని మీద అక్షరాలు అరిగిపోయాయి. సామర్థ్యం తెలియనిదాన్ని అనుమతించబోమని పక్కన పడేయించారు. అది 20,000 ఎంఏహెచ్‌ది. ఆ అంకెను లోపలి సెల్ వోల్టేజీ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు. పరిమితి 100. అంటే నిక్షేపంగా తీసుకెళ్లదగ్గదే! అదే 30,000 అయితే 111 అవుతుంది, దానికి విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి. 160 దాటితే అసలు కుదరదు. ఈ లెక్క తెలియక కొందరు పైన రాసిన 5 వోల్టులతో గుణించి కంగారుపడతారు. అది ఫోనుకు అందే వోల్టేజీ, లోపలి సెల్‌ది కాదు.

గోరు తగిలితే రాలిపోయే అక్షరాలతో సరుకు అమ్మిన దుకాణదారును ఎవరూ అడగరు. వాట్-అవర్ల అంకె చెరగకుండా అచ్చువేయకపోతే అమ్మనివ్వకూడదు. అధికారులు ఆ పని వదిలేసి, గేటు దగ్గర కొన్నవాడి మీద పడతారు. మన దగ్గర ప్రతిదానికీ ఇదే వరస. చివర నిలబడినవాడే దొరుకుతాడు.

భద్రతా తనిఖీ దగ్గర ట్రే సంగతీ అంతే. ల్యాప్‌టాప్ బయటికి తీయమని అరుస్తారు కానీ ఎందుకో చెప్పరు. దాని బ్యాటరీ, సర్క్యూట్ బోర్డు ఎక్స్‌రేలో దట్టమైన మచ్చలా పడి కిందనున్నదాన్ని కప్పేస్తాయి. దానిమీద కెమెరానో చార్జరు తీగలో పెడితే బొమ్మ ఇంకా చిక్కుపడి, సంచి పక్క పట్టా మీదికి పోతుంది. ఇక ఒక్కొక్క లెన్సూ విప్పి చూపించాలి. “ట్రేలో ల్యాప్‌టాప్ ఒక్కటే పెట్టండి, దానిమీద ఏమీ వద్దు” అని వరుస మొదట్లోనే తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాసిపెడితే సగం సంచులు తెరవనక్కరలేదు.

ఆ బోర్డు ట్రేలు అందుకునేచోట కాదు, మనుషులు ఇరవై నిమిషాలు ఊరికే నిలబడేచోట పెట్టాలి.

— ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్