వాగు నీళ్లలో నడిచిన పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు పిక్కలనూ కళ్లనూ ఎందుకు చూడాలి

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో అర్ధ సంవత్సర పరీక్షల గురించి రాయాలనుకున్నాను. అయితే తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకరు పన్నెండు రోజులు దవాఖానలో ఉండి వచ్చిన తరువాత ఊళ్లో రకరకాల మాటలు వినిపిస్తున్నాయి. కొందరు తమ పిల్లలను ఆ బాబు పక్కన కూర్చోబెట్టవద్దని నాకు ఫోన్ చేశారు కూడా. అందువల్ల ఈ ఉత్తరమంతా అతనికి వచ్చిన ఎలుక జ్వరం గురించే రాస్తున్నాను. ఆ కుటుంబం అనుమతి తీసుకుని, పేరు చెప్పకుండా జరిగింది జరిగినట్టు వివరిస్తాను. నేను జీవశాస్త్రం ఉపాధ్యాయురాలినే గాని వైద్యురాలిని కాను. వైద్య సంబంధమైన విషయాలను మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిణితో మాట్లాడి సరిచూసుకున్న తరువాతే రాశాను.

ఆగస్టు 18న చెరువు అలుగు పారి, బడికీ ఊరికీ మధ్యనున్న కల్వర్టు మీదుగా మూడు రోజుల పాటు మోకాలి లోతు నీళ్లు పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మూడు రోజులూ ఆ బాబు చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్లలోంచి నడిచాడు. సాయంత్రాలు బర్రెలను అదే నీళ్లలోంచి ఇంటికి తోలుకుపోయాడు. అంతకు రెండు రోజుల ముందు కంప తగిలి అతని మడమ కోసుకుపోయింది. ఆగస్టు 29న, అంటే నీళ్లలో దిగిన పదకొండు రోజులకు, చలితో వణికిస్తూ తీవ్రమైన జ్వరం, తలనొప్పి మొదలయ్యాయి. అప్పటికి నీళ్లు ఇంకిపోయి, రోడ్డు ఎండిపోయి, అందరం వరదను మరచిపోయాము. మొదటి రోజే అసలు సంగతి అందకుండా పోవడానికి కారణం ఆ మరపేనని నాకు అనిపిస్తుంది. ఈ జబ్బు నీళ్లలో తడిసిన మరునాడు రాదు. సాధారణంగా ఐదు నుంచి పద్నాలుగు రోజుల లోపల వస్తుంది. అరుదుగా రెండు రోజులకే రావచ్చు, నెల రోజులు కూడా పట్టవచ్చు.

మొదటి మూడు రోజులు ఇంటి దగ్గరి వైద్యమే జరిగింది. ఇంటికి వచ్చి వైద్యం చేసే వ్యక్తి నొప్పి తగ్గడానికి సూది వేసి, మాత్రలు ఇచ్చాడు. కళ్లు ఎర్రబడితే కండ్లకలక అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు కొన్నారు. మూడో రోజు చేయించిన డెంగీ పరీక్షలో ఏమీ లేదని రావడంతో ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నాలుగో రోజు పొద్దున ఆ బాబు మంచం దిగి గుమ్మం దాకా వెళ్లడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. కాళ్లు పిసికితే హాయిగా ఉంటుందేమోనని తల్లి పిక్క మీద చేయి వేయగానే పిల్లవాడు కేక పెట్టి కాలు లాక్కున్నాడు. ఆమె వెంటనే ఆటో పిలిపించి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “గత నెల రోజుల్లో వాన నీళ్లలోగాని, పొలం బురదలోగాని దిగాడా?” అని.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో చెప్పాలంటే ముందు ఆ నీళ్లలో ఏముంటుందో చెప్పాలి. మనవాళ్లు ఎలుక జ్వరం అనే ఈ జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు లెప్టోస్పైరోసిస్. దీనికి కారణం స్ప్రింగులాగా మెలికలు తిరిగి ఉండే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి. ఎలుకలు, పందికొక్కుల మూత్రపిండాలలో ఇది వాటికి పెద్దగా ఇబ్బంది కలిగించకుండానే నెలల తరబడి బతికి, మూత్రంతో బయటికి వస్తుంది. పశువులు, పందులు, కుక్కల మూత్రంలో కూడా ఉండవచ్చు. ఎండలో, పొడి నేలపై తొందరగా చచ్చిపోతుంది. తడి మట్టిలో, నిలిచిన నీటిలో వారాల పాటు బతికి ఉంటుంది. వరద వచ్చినప్పుడు ఎలుక బొరియలు, పశువుల కొట్టాలు, మోరీలు అన్నీ కలిసి ఒకే నీళ్లవుతాయి. ఆ నీటిలో నడిచేవారి శరీరంలోకి ఇది కోసుకుపోయిన, గీసుకుపోయిన చర్మం గుండా, చాలాసేపు నాని మెత్తబడిన చర్మం గుండా, కళ్లు, ముక్కు, నోటిలోని పలుచని పొరల గుండా ప్రవేశిస్తుంది. ఆ బాబు మడమ మీది గాయం చిన్నదే అయినా, దానికి ఆ దారి చాలు.

రక్తంలో చేరిన ఈ సూక్ష్మజీవి శరీరమంతటా పాకి, సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. కండరాలలోని పోగులు కూడా దెబ్బతింటాయి. అది ఎక్కువగా పిక్కలలో, నడుములో తెలుస్తుంది. ఏ జ్వరానికైనా ఒళ్లు నొప్పులు ఉంటాయి కదా అని మీరు అనవచ్చు. నిజమే, కాని మామూలు ఒళ్లు నొప్పులలో కాళ్లు పిసికితే పిల్లలు ఇంకా పిసకమంటారు. ఇక్కడ రెండు పిక్కలనూ మెల్లగా అదిమినా తట్టుకోలేరు, మెట్లు ఎక్కలేరు, మోకాళ్లు ముడిచి కింద కూర్చుని లేవలేరు. కళ్ల సంగతీ అంతే. కండ్లకలకలో పుసి కడుతుంది, పొద్దున రెప్పలు అతుక్కుపోతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి అంటుతుంది. ఈ జ్వరంలో తెల్లగుడ్డులోని రక్తనాళాలు ఉబ్బి రెండు కళ్లూ ఎర్రబారతాయి గాని, పుసి ఉండదు. ఆ తల్లి నాతో, “మేడం, కళ్లు నెత్తురు లెక్క ఎర్రగున్నయి, కాని తుడుద్దామంటే ఏం లేదు” అన్నారు. వైద్య పుస్తకంలో కూడా ఇంత స్పష్టంగా రాసి ఉండదేమో.

అయినా ఈ మూడు లక్షణాలు చూసి ఇదే జబ్బని ఎవరూ తేల్చి చెప్పలేరు. ఈ కాలంలో మన జిల్లాలో డెంగీ ఉంటుంది, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కూడా ఉండవచ్చు. వీటన్నిటిలో జ్వరం, తలనొప్పి, నొప్పులు ఉంటాయి, డెంగీలో కళ్లు ఎర్రబడడమూ ఉంది. లెప్టోస్పైరోసిస్ వచ్చిన వారందరికీ కళ్లు ఎర్రబడాలనీ లేదు. కాబట్టే వైద్యులు దీనిని “అనుమానించాలి” అంటారు గాని “ఇదే” అనరు. జ్వరం, పిక్కల నొప్పి, పుసి లేని ఎర్రని కళ్లు, వాటికి తోడు గత నెలలో వరద నీళ్లలో దిగిన చరిత్ర ఉంటే, ఆ చివరి విషయమే అనుమానానికి బలం ఇస్తుంది. అది రక్త పరీక్షలో కనిపించేది కాదు. మీరు చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది.

ఆ బాబు రక్తంలో ప్లేట్‌లెట్లు 95,000కు పడిపోయాయి. ప్లేట్‌లెట్లు అనగానే మనందరికీ డెంగీయే గుర్తుకు వస్తుంది, కాని ఈ జబ్బులోనూ అవి పడిపోతాయి. డెంగీలో తెల్ల రక్తకణాలు సాధారణంగా తగ్గుతాయి. ఇతనికి 14,000కు పెరిగాయి. మూత్రంలో ప్రోటీన్ పోతున్నది, క్రియాటినిన్ 1.8 ఉన్నది, అంటే మూత్రపిండాల మీద దెబ్బ మొదలైనది. ముందు మూడు రోజులు వేసిన నొప్పి సూదులు, మాత్రల విషయంలో డాక్టరమ్మ బాధపడింది ఇందుకే. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మందులు అప్పటికే ఇబ్బందిలో ఉన్న మూత్రపిండాలకు మరింత చేటు చేస్తాయి; ఒకవేళ అది డెంగీ అయి ఉంటే రక్తస్రావానికి దారితీయవచ్చు. ఏ జ్వరమో తెలియని స్థితిలో వయసుకు, బరువుకు తగిన పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వండి, సూది అడగకండి.

అదే రోజు అతనిని జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ దవాఖానకు పంపారు. అక్కడ చేసిన లెప్టోస్పైరా ఐజీఎం పరీక్షలో కూడా లేదనే వచ్చింది. ఈ మాట విన్నప్పుడు నాకూ ఆశ్చర్యమే కలిగింది. ఆ పరీక్ష సూక్ష్మజీవిని చూడదు, దాని మీద శరీరం తయారుచేసుకునే ప్రతిరక్షకాలను చూస్తుంది. అవి పట్టుబడే స్థాయికి రావడానికి జ్వరం మొదలైన తరువాత ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మొదటి వారంలో రక్తంలోని సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని పట్టుకునే పీసీఆర్ పరీక్ష ఎక్కువ ఉపయోగపడుతుంది గాని, అది అన్నిచోట్లా దొరకదు. అందుకని వైద్యులు ఫలితం కోసం ఆగకుండా, అనుమానం మీదనే ఆ సాయంత్రం సెలైన్‌తో పాటు సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. సెప్టెంబరు 8న, అంటే జ్వరం వచ్చిన పదకొండో రోజున, మళ్లీ రక్తం తీసి చూస్తే ఐజీఎం ఉన్నట్టు వచ్చింది. అప్పటికి జ్వరం తగ్గి, క్రియాటినిన్ మామూలు స్థాయికి దిగుతున్నది. మొదటి పరీక్షను నమ్మి ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించి రాయదలచుకోలేదు.

జ్వరం తేలికగా ఉన్నవారికి డాక్టర్లు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు, చిన్న పిల్లలకు అమాక్సిసిలిన్ లేదా అజిత్రోమైసిన్ ఎంచుకుంటారు. మన బడికి వచ్చే ఒక తండ్రి, ముందు జాగ్రత్తగా పిల్లలందరికీ వారానికొక మాత్ర ఇవ్వవచ్చా అని అడిగారు. వరద సహాయంలో దిగేవారికి అలా ఇచ్చే పద్ధతి ఉన్నది, కాని అది వైద్యులు చూసి నిర్ణయించవలసినది. దుకాణంలో కొని పంచవలసినది కాదు.

ఇంకొక చిక్కు ఉన్నది. కొందరిలో నాలుగైదు రోజులకు జ్వరం తగ్గిపోయి, ఒకటి రెండు రోజులు బాగానే ఉండి, మళ్లీ తలనొప్పి, వాంతులతో తిరిగి వస్తుంది. తగ్గింది కదా అని పొలానికో బడికో పంపకుండా మరికొన్ని రోజులు గమనించండి. మూత్రం తగ్గినా, కోకాకోలా రంగులో వచ్చినా, కళ్లు పసుపు పచ్చబడినా, ఆయాసం వచ్చినా, దగ్గులో నెత్తురు పడినా, పిల్లలు మత్తుగా పడి ఉన్నా, రాత్రి అయినా సరే 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ బాబు పక్కన కూర్చోవడం గురించి. ఈ జబ్బు తుమ్ముతోనో, దగ్గుతోనో, ఒకే బెంచీ మీద కూర్చోవడంతోనో, కలిసి తినడంతోనో రాదు. మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు. అతను తన స్థానంలోనే కూర్చుంటాడు. భయపడవలసినది అతనిని చూసి కాదు, అతనితో పాటు అదే కల్వర్టు దాటిన మిగిలిన పిల్లలను గమనించకపోవడం గురించి. ఆగస్టు 18 నుంచి 20 వరకు ఆ నీళ్లలో నడిచిన ముప్పై ఒక్క మంది పేర్లు తరగతి ఉపాధ్యాయుల దగ్గర ఉన్నాయి. వారిలో ఇద్దరికి జ్వరం వచ్చి తగ్గింది, పరీక్షించి మలేరియా, డెంగీ కావని చెప్పారు. ఈ నెల 20 దాటితే నెల రోజుల గడువు ముగుస్తుంది.

మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు బడి వెనుక గేటు తీసి ఉంచుతాము. ఎత్తు మీదుగా వచ్చే బండ్ల బాట రెండు కిలోమీటర్లు ఎక్కువే అయినా పిల్లలను అటే పంపండి, ఆలస్యమైనా హాజరు వేస్తాము. తప్పక దిగవలసి వస్తే గాయానికి నీళ్లు చొరని పట్టీ వేసి, రబ్బరు బూట్లు వేసి పంపండి, రాగానే సబ్బుతో కాళ్లు కడిగించండి. నాట్లకు, కలుపుకు పిల్లలను తీసుకుపోయే ఇళ్లకు కూడా ఇదే మాట. మధ్యాహ్న భోజనం బియ్యం గదికి ఎలుకలు చొరకుండా తలుపు కింద రేకు కొట్టించాము.

ఒక చిన్న కోరిక. జ్వరమని సెలవు చీటీ రాసేటప్పుడు, జ్వరం ఏ తేదీన మొదలైందో, అంతకు ముందు నెలలో పిల్లలు నీళ్లలోగాని, బురదలోగాని ఏ తేదీన దిగారో రెండు ముక్కలు రాయండి. దవాఖానకు వెళ్లినప్పుడు ఆ రెండు తేదీలనే డాక్టరుకు చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నల్లగొండ జిల్లా
సెప్టెంబరు 17