డీకాఫ్ ప్యాకెట్ మీద మిగిలిన కెఫీన్ ఎంతో ముద్రించాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లోని సరుకుల దుకాణాల్లోనూ, కొన్ని కాఫీ పొడి అంగళ్లలోనూ, అక్కడక్కడ హోటళ్లలోనూ ఇప్పుడు డీకాఫ్ కాఫీ దొరుకుతోంది. నిద్ర పట్టనివారు, గుండె దడ ఉన్నవారు, గర్భిణులు డాక్టరు కాఫీ తగ్గించమని చెప్పాక దీన్ని కొంటున్నారు. ఇందులో కెఫీన్ అసలే ఉండదని కొనేవారు నమ్ముతున్నారు, అమ్మేవారూ అదే మాట చెబుతున్నారు. నిజానికి డీకాఫ్ అంటే కెఫీన్ చాలావరకు తీసేసిన కాఫీయే తప్ప, కెఫీన్ పూర్తిగా లేని కాఫీ కాదు. మిగిలినది ఎంత, అది ఎవరికి లెక్కలోకి వస్తుంది అన్న విషయాన్ని ప్యాకెట్ మీద చెప్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

కెఫీన్‌ను కాఫీ పొడి నుంచి గానీ డికాక్షన్ నుంచి గానీ తీయరు. ఇంకా వేయించని పచ్చి గింజల నుంచే తీస్తారు, ఎందుకంటే వేయించినప్పుడు పుట్టే సువాసన ఆ తర్వాత చేసే నానబెట్టడంలో కొట్టుకుపోతుంది. పచ్చి గింజలో కెఫీన్ విడిగా ఉండదు; క్లోరోజెనిక్ ఆమ్లంతో జతకట్టి ఉంటుంది. అందుకే ఏ పద్ధతిలోనైనా మొదటి పని గింజకు ఆవిరి పట్టించడమో, నీళ్లలో నానబెట్టడమో అవుతుంది. తేమకు గింజ ఉబ్బి, ఆ జత విడిపోయి, కెఫీన్ కదలడానికి వీలవుతుంది. ఎండు గింజ మీద ఎంత మంచి ద్రావణి పోసినా బయటికి వచ్చేది స్వల్పమే.

ఆవిరి పట్టిన గింజల మీద డైక్లోరోమీథేన్ గానీ ఇథైల్ ఎసిటేట్ గానీ గంటల తరబడి ప్రవహింపజేయడం ఒక పద్ధతి. ఈ ద్రావణులు కెఫీన్‌ను కరిగించుకుంటాయి, రుచినిచ్చే చాలా పదార్థాలను వదిలేస్తాయి. తర్వాత మళ్లీ ఆవిరితో ద్రావణిని తరిమేసి గింజలను ఆరబెడతారు. ద్రావణి పేరు వినగానే భయపడేవారున్నారు. డైక్లోరోమీథేన్ సుమారు 40 డిగ్రీల వేడికే మరిగిపోతుంది, గింజను వేయించేది 200 డిగ్రీల దగ్గర. అమెరికాలో వేయించిన డీకాఫ్‌లో దాని అవశేషం కిలోకు 10 మిల్లీగ్రాములు, ఐరోపాలో 2 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి ఉంది. ఆ ద్రావణి ఆవిరిని పీల్చే కార్మికుల విషయంలో ఆందోళన న్యాయమైనదే. తాగేవారి విషయంలో మాత్రం నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది కప్పులో మిగిలే కెఫీనే.

రెండో పద్ధతి నీటిది. కెఫీన్ నీళ్లలో కరుగుతుంది, కానీ రుచి పదార్థాలూ కరుగుతాయి కాబట్టి ఉత్త నీళ్లలో నానబెడితే గింజ చప్పబడిపోతుంది. ఈ చిక్కును విప్పిన తీరు మెచ్చుకోదగ్గది. మొదటి విడత గింజలను వేడినీళ్లలో నానబెట్టి, కెఫీన్‌నూ రుచినీ రెండింటినీ బయటికి రానిచ్చి, ఆ గింజలను పారేస్తారు. మిగిలిన నీటిని యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపితే కెఫీన్ అణువులు అందులో చిక్కుకుంటాయి, రుచి పదార్థాలు నీటిలోనే నిలుస్తాయి. ఇక ఆ నీటిలో కొత్త గింజలు వేస్తే, రుచి పదార్థాలు అక్కడ అప్పటికే నిండుగా ఉన్నందువల్ల గింజలోవి బయటికి రావు. నీటిలో లేనిది కెఫీన్ ఒక్కటే కాబట్టి అదే వస్తుంది. నీటిని మళ్లీ మళ్లీ కార్బన్ గుండా తిప్పుతూ గంటల తరబడి దీన్ని సాగిస్తారు. ఇవిగాక, జర్మనీ శాస్త్రవేత్త కర్ట్ జోసెల్ 1960లలో కనుగొన్న దారిలో, అధిక పీడనంలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో కెఫీన్ తీసే కర్మాగారాలూ ఉన్నాయి. అక్కడా గింజను ముందు తడపాల్సిందే.

ఇన్ని చేసినా కెఫీన్ ఎందుకు మిగులుతుందన్నది తెలుసుకోవలసిన సంగతి. గింజ లోపలికీ బయటికీ మధ్య ఉన్న తేడాయే కెఫీన్‌ను బయటికి నెడుతుంది. లోపల తగ్గేకొద్దీ నెట్టే బలమూ తగ్గుతుంది. ఒక్కో విడతలో ఉన్నదానిలో సగం బయటికి వస్తుందనుకుంటే, 100 పాళ్లు 50 అవుతాయి, తర్వాత 25, ఆపైన 12, 6, ఐదో విడతకు 3 మిగులుతాయి. మొదటి విడతలో 50 పాళ్లు పోతే ఐదో విడతలో పోయేవి 3 పాళ్లే. ఆరో విడతకు అంతే సమయం, అంతే ఇంధనం పట్టి ఒకటిన్నర పాలు మాత్రమే తగ్గుతుంది, పైగా నానిన గింజ మరింత నలుగుతుంది. అందుకే తయారీదారు ఎక్కడో ఒకచోట ఆగుతాడు. అమెరికాలో సాధారణంగా 97 శాతం తీశాక డీకాఫ్ అంటారు. ఐరోపా దేశాల్లో తీసినది ఎంత అని కాక మిగిలినది ఎంత అని చూస్తారు: వేయించిన గింజలో నూటికి 0.1, ఇన్‌స్టంట్ పొడిలో 0.3 మించకూడదు.

ఈ రెండు కొలతలూ ఒకటి కావు, ముఖ్యంగా ఫిల్టర్ కాఫీకి రోబస్టా గింజ కూడా విరివిగా వాడే మన ప్రాంతంలో. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో 2.2 శాతం ఉంటుంది. రెండింటి నుంచీ 97 శాతం తీసేశారనుకుందాం. ఒక గ్లాసు కాఫీకి 10 గ్రాముల పొడి వేస్తే, కెఫీన్ అంతా డికాక్షన్‌లోకి దిగినా అరబికాలో 3.6 మిల్లీగ్రాములు, రోబస్టాలో 6.6 మిల్లీగ్రాములు ఉంటాయి. అదే 0.1 శాతం హద్దు దాకా ఉన్న పొడైతే 10 మిల్లీగ్రాములు. డీకాఫ్ చేయని పొడితో ఇదే గ్లాసులో అరబికాకు 120, రోబస్టాకు 220 మిల్లీగ్రాముల దాకా ఉండేవి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 8 ఔన్సుల డీకాఫ్ కప్పుకు చెప్పే 2 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్క దీనికి సరిపోతుంది. 2006లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 16 ఔన్సుల డీకాఫ్ కప్పులను పరీక్షించినప్పుడు ఒక ఇన్‌స్టంట్ రకం తప్ప మిగిలినవాటిలో 8.6 నుంచి 13.9 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ కనిపించింది.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ మోతాదు ఏమంత కాదు. రోజుకు రెండు గ్లాసుల డీకాఫ్ తాగే గర్భిణి కూడా భయపడనక్కర లేదు. నేను చెప్పేది ఈ స్వల్ప మోతాదు కూడా లెక్కలోకి వచ్చే సందర్భాల గురించి, స్వల్పం కాకుండా పోయే సందర్భాల గురించి.

మొదటిదానికి మా అక్క అనుభవమే చెబుతాను. గుండె కండరానికి రక్తం ఎలా అందుతోందో మందు ఎక్కించి చూసే స్కాన్ కోసం ఆమెను కర్నూలులోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ముందు రోజు ఇచ్చిన కాగితంలో ‘టీ, కాఫీ తాగరాదు’ అని ఉంది. డీకాఫ్ తాగవచ్చా లేదా అన్నది లేదు. ఆమె ఆ ఉదయం డీకాఫ్ తాగి వచ్చింది. పరీక్ష గది ముందు సాంకేతిక నిపుణుడు అడిగినప్పుడు ఆ మాట చెప్పగానే స్కాన్ వాయిదా వేశారు. వాయిదా వేయడం సరైన పనే. ఆ పరీక్షలో వాడే అడినోసిన్ వంటి మందు గుండె రక్తనాళాల మీద ఉన్న అడినోసిన్ గ్రాహకాలకు తగులుకుని వాటిని వెడల్పు చేస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాల దగ్గరే అడ్డుపడుతుంది. మనకు నిద్ర రానివ్వనిదీ మెదడులో ఇదే అడ్డంకి. రక్తనాళం సరిగా వెడల్పు కాకపోతే జబ్బు ఉన్నా స్కాన్‌లో బయటపడకపోవచ్చు. అందుకే ఈ పరీక్షకు 12 నుంచి 24 గంటల ముందు డీకాఫ్ కూడా మానాలి. ఆ ఒక్క మాట కాగితంలో ఉంటే, గుండె జబ్బు అనుమానంతో ఉన్న మనిషికి అంత దూరం రెండోసారి ప్రయాణం తప్పేది.

రెండోది కాఫీ పొడి అంగళ్ల సంగతి. గింజలు అప్పటికప్పుడు మరలో వేసి ఇచ్చే చోట మామూలు గింజలకూ డీకాఫ్ గింజలకూ సాధారణంగా ఒకటే మర ఉంటుంది. ముందు ఆడించిన పొడి మర గొంతులో కొంత నిలిచిపోతుంది. అది 25 గ్రాముల రోబస్టా పొడి అనుకుంటే, అందులో 550 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. దాని వెనకాల పావు కిలో డీకాఫ్ ఆడిస్తే ఆ కెఫీన్ అంతా 275 గ్రాముల పొడిలో కలిసి, 10 గ్రాముల పొడికి 20 మిల్లీగ్రాములు అదనంగా చేరుతుంది. డీకాఫ్‌లో సహజంగా మిగిలినదానికన్నా ఇది ఎక్కువ. రుచి చూసి దీన్ని పట్టుకోలేం, ఎందుకంటే కాఫీ చేదులో కెఫీన్ వాటా కొద్దిదే. వాసనతోనూ రంగుతోనూ తెలియదు. కచ్చితంగా తేల్చగలిగేది ప్రయోగశాల పరీక్ష ఒక్కటే. మరను ముందు కొన్ని డీకాఫ్ గింజలతోనే ఆడించి ఆ పొడిని పక్కన పెడితే చాలావరకు సరిపోతుంది, కానీ అలా అడిగేవారూ లేరు, చేసేవారూ అరుదు.

చికోరీ కలిపిన పొడినే కెఫీన్ తక్కువ కాఫీగా భావించేవారూ ఉన్నారు. చికోరీ వేరులో కెఫీన్ లేని మాట నిజమే. అయినా 53 పాళ్ల రోబస్టాకు 47 పాళ్ల చికోరీ కలిపిన 10 గ్రాముల పొడిలో 116 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుంది. అది డీకాఫ్‌కు దరిదాపుల్లో లేదు.

చికోరీ కలిపిన ప్యాకెట్ మీద కాఫీ ఎంత శాతమో, చికోరీ ఎంత శాతమో ముద్రించాలన్న నిబంధన మన దేశంలో ఇప్పటికే ఉంది, అది అమలవుతోంది కూడా. డీకాఫ్ ప్యాకెట్ మీద కూడా అదే చోట, 10 గ్రాముల పొడిలో మిగిలిన కెఫీన్ ఎన్ని మిల్లీగ్రాములో, ఏ పద్ధతిలో తీశారో ముద్రించమని ఆహార భద్రతా అధికారులు తయారీదారులను అడగాలి. ‘97 శాతం తీసివేయబడినది’ అన్న మాట దీనికి చాలదు. గింజ ఏదో తెలియనిదే ఆ శాతానికి అర్థం లేదు. విడిగా పొడి అమ్మే అంగళ్లలో డీకాఫ్‌కు వేరే మర గానీ, కనీసం మర శుభ్రం చేసే పద్ధతి గానీ ఉండేలా తనిఖీల్లో చూడాలి, అప్పుడప్పుడు నమూనాలు తీసి పరీక్షకు పంపాలి. మన మూడు జిల్లాల్లో గుండె స్కాన్లు చేసే ఆసుపత్రులు మాత్రం ఏ నిబంధన కోసమూ ఆగనవసరం లేదు. రోగికి ఇచ్చే కాగితంలో ‘టీ, కాఫీ’ అన్నచోట ‘డీకాఫ్ కూడా’ అని తెలుగులో చేర్చి, ఎన్ని గంటల ముందు నుంచి మానాలో రాస్తే చాలు.

ఇట్లు,
రసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
అనంతపురం