పదహారు అక్షరాల దగ్గర తెగిపోయిన ఇన్‌వాయిస్ నంబరు

"మా కస్టమర్ ఒకరు 00437 నంబరు ఇన్‌వాయిస్‌కు 48,500 చెల్లించారు. మీ సాఫ్ట్‌వేర్ ఆ మొత్తాన్ని వివాదంలో ఉన్న 00412కు జమ కట్టింది. కట్టేసిన బిల్లు మీద వారికి బకాయి హెచ్చరిక వెళ్లింది. మీ సపోర్టుకు రెండుసార్లు రాశాను. లెడ్జర్ సరిపోయింది కాబట్టి తప్పేమీ లేదన్నారు. ఇలాంటి రసీదులు ఇంకెన్ని ఉన్నాయో నేను ఎలా తెలుసుకోవాలి?"

— మన కస్టమర్ సంస్థలో ఫైనాన్స్ మేనేజర్

ఆమె అనుమతితో ఈ మాటలు మీ అందరి ముందూ పెడుతున్నాను. ఆమె చెప్పింది నిజం, మా సపోర్టు ఇచ్చిన జవాబు తప్పు. ఆ జవాబు రాసింది మా ఉద్యోగి అయినా, లెడ్జర్ సరిపోతే చాలని వారికి నేర్పింది నేనే. అందుకే ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను.

బ్యాంకులు పంపే MT940 స్టేట్‌మెంటు ఫైలులో చెల్లింపుదారు ఇచ్చిన రిఫరెన్స్‌కు కేటాయించిన చోటు పదహారు అక్షరాలే. ఆమె సంస్థ ఇన్‌వాయిస్ నంబరులో పద్దెనిమిది ఉన్నాయి. కాబట్టి కస్టమర్ నంబరు పూర్తిగా, సరిగ్గా రాసినా మాకు చేరేసరికి చివరి రెండు అంకెలు రాలిపోతాయి.

```
INV/2025/SAL/00437   కస్టమర్ రాసింది
INV/2025/SAL/004     మాకు చేరింది
```

ఇది బ్యాంకు పొరపాటు కాదు. ఆ ఫైలు నమూనా అంతే, మాకు ముందునుంచీ తెలుసు. గత అప్‌డేట్‌కు ముందు ఇలాంటి రిఫరెన్స్ ఏ ఇన్‌వాయిస్‌తోనూ కలవదు కాబట్టి ఆ రసీదు 'జమ కాని రసీదులు' జాబితాలో ఆగేది. మీలో ఎవరో ఒకరు చూసి, సరైన బిల్లుకు చేత్తో జమ కట్టేవారు. ఆ జాబితా రోజురోజుకూ పెరిగిపోతోందని కొందరు ఫిర్యాదు చేశారు. దాన్ని తగ్గించాలని, రిఫరెన్స్ పూర్తిగా కలవకపోయినా మొదటి అక్షరాలు కలిస్తే చాలన్న నియమం చేర్చాం. అలాంటి ఇన్‌వాయిస్‌లు ఒకటికి మించి ఉంటే అన్నింటికన్నా పాతదాన్ని తీసుకోమన్నాం. ఆమోదం తెలిపింది నేను. జాబితా నిజంగానే చిన్నదైంది. కానీ మనిషి చూసి తేల్చాల్సిన ప్రశ్నను, అడగకుండానే సాఫ్ట్‌వేర్ తేల్చేయడం వల్ల చిన్నదైందని అప్పుడు గ్రహించలేదు.

లెడ్జర్ ఎందుకు సరిపోయిందో ఆ రెండు బిల్లులతోనే చూద్దాం. 00412 మొత్తం 61,200. దానిమీద 48,500 పడగానే 12,700 మిగిలింది. 00437 మీద 48,500 అలాగే నిలిచింది. రెండూ కలిపితే 61,200. జమ సరైన చోట పడి ఉన్నా ఆ కస్టమర్ బాకీ 61,200 అయ్యేది. కస్టమర్ ఖాతా సరిపోతుంది, బ్యాంకు సమన్వయం సరిపోతుంది, ట్రయల్ బ్యాలెన్స్ కూడా సరిపోతుంది. ఒకే కస్టమర్ బిల్లుల మధ్య జరిగే తప్పు మొత్తాల్లో ఎక్కడా కనిపించదు. ఏజింగ్ రిపోర్టులో, అంటే ఏ బిల్లు ఎన్ని రోజులుగా బకాయి ఉందో చూపే చోట మాత్రమే కనిపిస్తుంది. హెచ్చరిక ఉత్తరాలు వెళ్లేది ఆ రిపోర్టు ఆధారంగానే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. వివాదం తీరి, 00412కు రావలసిన 61,200 వచ్చిందనుకోండి. రిఫరెన్స్ మళ్లీ అలాగే తెగి వస్తుంది. సాఫ్ట్‌వేర్ అందులో 12,700తో 00412ను మూసి, మిగిలిన 48,500ను 00437కు కడుతుంది. రెండు బిల్లులూ మూతపడతాయి, తప్పు జరిగిన ఆనవాలు తెర మీద మిగలదు. కానీ సకాలంలో కట్టిన 00437 ఆలస్యంగా కట్టినట్టు నమోదవుతుంది. మీరు ఆలస్య రుసుము వేసేవారైతే నిర్దోషి మీద అది పడుతుంది. కాబట్టి ఇప్పుడు తెరిచి ఉన్న బిల్లులు మాత్రమే చూస్తే సరిపోదు, మూతపడినవి కూడా చూడాలి.

వెతకడం ఇలా. రసీదుల రిపోర్టును అప్‌డేట్ తేదీ నుంచి ఇప్పటివరకు తీసి స్ప్రెడ్‌షీట్‌లో తెరవండి. రిఫరెన్స్ C వరుసలో ఉంటే పక్కన ఈ సూత్రం పెట్టండి.

```
=LEN(C2)=16
```

TRUE అని వచ్చినవే అనుమానించవలసినవి. మీ ఇన్‌వాయిస్ నంబర్లు పదహారు అక్షరాలకు మించకపోతే, లేదా మీరు MT940 ఫైలు వాడకపోతే, ఈ కారణంగా నంబరు తెగదు. అనుమానించిన ప్రతి రసీదు మొత్తాన్నీ, అది జమ అయిన బిల్లు మొత్తాన్నీ పోల్చండి. రెండూ వేరుగా ఉండి, రసీదు మొత్తం అదే కస్టమర్ మరో బిల్లుకు అణాపైసలతో సహా సరిపోతే, దాదాపు ఖాయంగా అది తప్పు చోట పడింది. 48,500 దొరికింది అలాగే.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. నెలనెలా ఒకే మొత్తానికి బిల్లు వేసే చోట ఇది పనిచేయదు. బిల్లులన్నీ ఒకే మొత్తమైతే పోల్చి తెలుసుకునేది ఏమీ ఉండదు. కస్టమర్ పంపిన చెల్లింపు వివరాలు తీసి చూడాలి, అవి లేకపోతే ఫోను చేసి అడగాలి. అంచనాతో సరిదిద్దకండి. అంచనా వేసే మేము ఈ పరిస్థితి తెచ్చాం.

తప్పు దొరికితే రసీదును దయచేసి తొలగించకండి. రసీదు బ్యాంకు ఎంట్రీతో ముడిపడి ఉంటుంది, అది పోతే ముగించిన బ్యాంకు సమన్వయం కూడా చెదురుతుంది. రసీదు తెరిచి, జమను మాత్రం విడదీసి సరైన బిల్లుకు కట్టండి. తేదీగా ఈ రోజును కాక, డబ్బు వచ్చిన రోజునే ఇవ్వండి. లేకపోతే ఆలస్యం అలాగే మిగిలిపోతుంది. ముందస్తు చెల్లింపు తగ్గింపు ఇచ్చేవారు, తప్పు బిల్లు మీద తగ్గింపు నమోదైందేమో కూడా చూడండి. జమను విడదీసినంత మాత్రాన అది రద్దు కాదు, విడిగా రద్దు చేయాలి. డబ్బు అందినప్పుడు పన్ను లెక్కించే పద్ధతిలో ఉన్నవారు, రెండు బిల్లుల పన్ను రేట్లు వేరైతే మీ అకౌంటెంట్‌కు చూపించండి.

మేము చేసినది చెబుతాను. మొదటి అక్షరాలతో కలిపే నియమాన్ని నిన్న రాత్రి అందరికీ ఆపేశాం. ఇకపై రిఫరెన్స్ పూర్తిగా కలవని రసీదు జాబితాలోనే ఆగుతుంది. పక్కన సరిపోగల బిల్లులు చూపిస్తాం, ఎంచుకోవడం మీ పని. జాబితా మళ్లీ పెద్దదవుతుంది, మీకు పని పెరుగుతుంది. తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాను.

జరిగిన జమలను మేమే ఒక్కసారిగా తిప్పేయడం లేదు. వాటిలో మీరు చూసి చేత్తో మార్చినవి ఉన్నాయి, మీ సరైన పనిని మళ్లీ పాడుచేసే ప్రమాదం ఉంది. ఈ శుక్రవారంలోగా ఒక్కో సంస్థకు వారి అనుమానిత రసీదుల పట్టిక పంపుతాం, మూతపడిన బిల్లులతో సహా. అది అందేవరకు హెచ్చరిక ఉత్తరాల ఆటోమేటిక్ పంపకాన్ని ఆపి ఉంచండి. ఇప్పటికే వెళ్లిన ఉత్తరాలను వెనక్కు తేలేను. మీ కస్టమర్‌కు చూపించడానికి తప్పు మాదేనని సంతకంతో ఉత్తరం కావాలంటే అడగండి, అదే రోజు పంపుతాను. ఆ ఫైనాన్స్ మేనేజర్ గారి కస్టమర్‌కు మొదటి ఉత్తరం ఈ ఉదయమే వెళ్లింది.